నాలుగో స్థాయి అంటే ఇంటర్ కాదు

మా బస్తీకి చెందిన ఒక యువతి గత నెల తన కాగితాలన్నీ సర్దుకుని మా వద్దకు వచ్చింది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, కుట్టుపని శిక్షణ పొంది, ‘జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, నాలుగో స్థాయి’ అని ముద్రించిన ధ్రువపత్రం సంపాదించుకుంది. శిక్షణ ఇచ్చినవారు నాలుగో స్థాయి ఇంటర్మీడియట్‌తో సమానమని చెప్పారట. ఆ మాట నమ్మి ‘ఇంటర్ లేదా తత్సమాన అర్హత’ కోరిన ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, పరిశీలనలోనే తిరస్కరించారు. ప్రభుత్వ కార్యాలయంలో ఇలాంటి దరఖాస్తులను ఏళ్ల తరబడి పరిశీలించిన మాకు ఆ తిరస్కరణ ఆశ్చర్యం కలిగించలేదు. ఆమెకు చెప్పిన మాటే బాధ కలిగించింది.

ఆ మాటలో సగం నిజం ఉంది. 2013 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఈ చట్రం బడి చదువునూ, వృత్తి శిక్షణనూ ఒకే నిచ్చెనపై నిలిపింది. నేటి లెక్క ప్రకారం పదో తరగతి మూడో మెట్టు, పన్నెండో తరగతి నాలుగో మెట్టు, మూడేళ్ల డిగ్రీ అయిదున్నర. ఒక వ్యక్తి పనిని ఎంత స్వతంత్రంగా, ఎంత బాధ్యతతో చేయగలడో ఈ మెట్టు చెబుతుంది. మూడో స్థాయివారు దగ్గరి పర్యవేక్షణలో పనిచేస్తారు. నాలుగో స్థాయివారు తమ పనికి తామే బాధ్యత వహిస్తారు. అయిదో స్థాయికి వచ్చేసరికి ఇతరుల పనికీ కొంత బాధ్యత తోడవుతుంది. ఆ యువతి కొలతలు తీసి, బట్ట కత్తిరించి, ఎవరి సాయమూ లేకుండా కుట్టి ఇవ్వగలదు. కనుక ఆ స్థాయి ఆమెకు న్యాయంగా దక్కినదే.

అయితే మెట్టు ఎత్తును చెబుతుందే తప్ప పరిమాణాన్ని చెప్పదు. పరిమాణాన్ని చెప్పేది క్రెడిట్. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం 30 గంటల అభ్యసనానికి ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. ఇంటర్ రెండేళ్లకు 80 అవుతాయి. ఆమె ధ్రువపత్రంపై ఉన్నవి 300 గంటలు, అంటే పది క్రెడిట్లు. మెట్టు ఒకటే అయినా, ఆ మెట్టుపై నేర్చుకున్నది ఎనిమిదో వంతు. పైగా అది ఒకే వృత్తికి సంబంధించినది. అందులో భాషా పరీక్ష లేదు, గణితం లేదు.

ఇక మూడో సంగతి, సమానత. ‘తత్సమాన అర్హత’ అంటే సంబంధిత బోర్డు గుర్తించిన అర్హత. స్థాయి సంఖ్య దానంతట అదే సమానతను ఇవ్వదు. ఐటీఐ విద్యార్థులకు సైతం పది, పన్నెండు తరగతుల సమానత కోసం 2016లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థతో ప్రత్యేకంగా ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. వృత్తి విషయాలను లెక్కలోకి తీసుకున్నా, భాష వంటి పేపర్లు వారు వేరుగా రాసి ఉత్తీర్ణులు కావలసిందే. మైనారిటీ యువత కోసం 2015లో ప్రారంభించిన ‘నయీ మంజిల్’ పథకం నైపుణ్య శిక్షణతో పాటు సార్వత్రిక పాఠశాల చదువునూ జోడించిందంటే కారణం ఇదే. ఒక కాగితం పని చూపుతుంది, మరొకటి తలుపు తెరుస్తుంది.

పాత ధ్రువపత్రాలు ఉన్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. మొదట ఈ నిచ్చెనకు పది మెట్లు ఉండేవి. 2023 సవరణతో ఎనిమిది అయ్యాయి, మధ్యలో సగం మెట్లు వచ్చాయి. పాత లెక్కలో వృత్తి డిగ్రీ ఏడో స్థాయి. నేడు మూడేళ్ల డిగ్రీ అయిదున్నర. కాబట్టి స్థాయి సంఖ్యను జారీ అయిన సంవత్సరంతో కలిపి చదవాలి. కొత్త సంఖ్య చిన్నదైనంత మాత్రాన అర్హత తగ్గినట్టు కాదు.

పిల్లలను శిక్షణకు పంపే తల్లిదండ్రులు రుసుము చెల్లించడానికి ముందే మూడు ప్రశ్నలు అడగాలని మా మనవి. కోర్సు స్థాయి ఎంత? గంటలు, క్రెడిట్లు ఎన్ని? ధ్రువపత్రం ఇచ్చే సంస్థకు జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి గుర్తింపు ఉందా? కోర్సు వివరాలు nqr.gov.in లో కనిపించాలి. అక్కడ కనిపించని కోర్సుకు స్థాయి ఉందని ఎవరు చెప్పినా ఆధారం అడగాలి.

ఆ యువతి ఇప్పుడు సార్వత్రిక పాఠశాలలో పదో తరగతికి దరఖాస్తు చేసింది. ఉర్దూ మాధ్యమంలో రాస్తానంటోంది. ఆ తరువాత ఇంటర్. కుట్టుపని ధ్రువపత్రాన్ని పారేయవద్దని ఆమెకు చెప్పాము; ఆ పది క్రెడిట్లు ఆమె కష్టార్జితం. శిక్షణా సంస్థలను మేము కోరేది ఒక్కటే: దరఖాస్తు ఫారంపైనే, తెలుగులోనూ ఉర్దూలోనూ, ‘ఈ ధ్రువపత్రం బడి తరగతికి సమానం కాదు’ అని ముద్రించండి. ఆ ఒక్క వాక్యం ముందే కనబడి ఉంటే, ఆమె శిక్షణతో పాటే పదో తరగతికీ కట్టి ఉండేది.