ఎర్ర మాత్ర మింగినా రక్తం ఎందుకు పట్టదు?

ఏజెన్సీలో రక్తహీనత మీద మీటింగు ఎక్కడ పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మేం మాత్రలు ఇస్తూనే ఉన్నాం, వాళ్లే మింగడం లేదు." కొందరి విషయంలో అది నిజమే. కడుపులో తిప్పుతోందని, మలబద్ధకం వస్తోందని మానేసేవాళ్లు ఉన్నారు. మరి రోజూ మింగినా రక్తం పట్టనివాళ్ల సంగతేంటి? వాళ్లను కూడా అదే లెక్కలో వేసి "అబద్ధం చెప్తోంది" అనేస్తున్నారు. ఇది అన్యాయమే కాదు, వైద్యపరంగా కూడా తప్పు. ఒంట్లో జబ్బు ఉన్నప్పుడు మాత్రలోని ఐరన్‌ను శరీరమే లోపలికి రానివ్వదు. ఆ పని చేసే హార్మోన్ పేరు హెప్సిడిన్. మన యువత ఈ పేరు తెలుసుకోవాలి, ఆసుపత్రిలో దాని గురించి అడగగలగాలి.

ముందు ఒంట్లో ఐరన్ లెక్క చూద్దాం. పెద్దవాళ్ల శరీరంలో మొత్తం ఐరన్ మూడు నాలుగు గ్రాములకు మించదు. అందులో ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ముసలిదైన కణాన్ని మాక్రోఫేజ్ అనే కణాలు మింగి, దానిలోని ఐరన్‌ను తీసి మళ్లీ రక్తంలోకి వదులుతాయి. కొత్త రక్తం తయారు కావడానికి రోజుకు కావలసిన 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఐరన్‌లో దాదాపు అంతా ఇలా పాత సరుకు నుంచే వస్తుంది. తిండి నుంచి రోజుకు వచ్చేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎక్కువైన ఉప్పును మూత్రంలో పంపేసినట్టు ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. అందుకే కాపలా అంతా లోపలికి వచ్చే దారి దగ్గరే ఉంటుంది. పేగు గోడలోని కణం తిండిలోని ఐరన్‌ను తీసుకుంటుంది. కానీ అది పేగు కణంలో ఉంటే సరిపోదు, అవతలి వైపు నుంచి రక్తంలోకి దిగాలి. అలా దిగడానికి ఉన్న తలుపు ఒక్కటే. దాని పేరు ఫెర్రోపోర్టిన్. పాత కణాల నుంచి ఐరన్ తీసే మాక్రోఫేజ్‌లకు కూడా ఇదే తలుపు.

ఈ తలుపు మీద అధికారం హెప్సిడిన్‌ది. ఇది కాలేయం తయారుచేసే చిన్న హార్మోన్, 25 అమైనో ఆమ్లాల గొలుసు. దీన్ని కనిపెట్టిన తీరు కూడా గమనించదగ్గదే. క్రిములను చంపే పదార్థాల కోసం వెతుకుతున్న శాస్త్రవేత్తలకు ఇది మనిషి మూత్రంలో దొరికింది. 2001లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టోమస్ గాంజ్ బృందం దీనికి హెప్సిడిన్ అని పేరు పెట్టింది. 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్, వారి సహచరులు దాని పని తేల్చారు. హెప్సిడిన్ వచ్చి ఫెర్రోపోర్టిన్‌కు అతుక్కుంటుంది. వెంటనే కణం ఆ తలుపును లోపలికి లాక్కుని నాశనం చేసేస్తుంది. అంటే తలుపు మూయడం కాదు, పీకేయడమే. పేగు కణంలో చిక్కుకున్న ఐరన్ అక్కడే ఉండిపోతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆ కణం రాలిపోయినప్పుడు ఐరన్ కూడా దానితో పాటే మలంలో పోతుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. ఐరన్ తగ్గితే హెప్సిడిన్ తగ్గుతుంది, తలుపులు పెరుగుతాయి, తిండిలోంచి ఎక్కువ ఐరన్ వస్తుంది. ఐరన్ నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది. కానీ కాలేయం ఐరన్ మాట ఒక్కటే వినదు. మలేరియా, టీబీ, మానని పుండు, కీళ్లవాతం, ఇలా ఏదో ఒకటి ఒంట్లో ఉంటే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం పంపుతాయి. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఈ పోరాట స్థితే. ఆ సంకేతం అందిన గంటల్లోనే కాలేయం హెప్సిడిన్ పెంచేస్తుంది, రక్తంలో తిరిగే ఐరన్ పడిపోతుంది. ఇది శరీరం చేసే పిచ్చి పని కాదు. చాలా క్రిములు పెరగాలంటే వాటికి కూడా ఐరన్ కావాలి. శత్రువుకు గింజలు దొరక్కుండా గాదెకు తాళం వేసినట్టు శరీరం తన ఐరన్‌ను దాచేస్తుంది. నాలుగు రోజుల జ్వరానికి ఇది మంచి ఎత్తుగడ. నెలల తరబడి వదలని జబ్బులో మాత్రం గాదెకు తాళం అలాగే ఉండిపోయి ఇంట్లోవాళ్లే పస్తులుంటారు.

జ్వరం లేకపోయినా ఇది జరగవచ్చు. ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో రక్తంలో మలేరియా క్రిమి ఉండి, జ్వరం మాత్రం లేని యువతుల మీద ఒక అధ్యయనం చేశారు. 2010లో అచ్చయింది. తిండిలో కలిపిన ఐరన్‌లో వాళ్ల ఒంటికి పట్టింది 10 శాతం దాకా. మలేరియా మందు ఇచ్చి క్రిమిని పోగొట్టాక అదే స్త్రీలకు 17 శాతం దాటి పట్టింది. ఐరన్ మారలేదు, తిండి మారలేదు, మనుషులు మారలేదు. క్రిమి పోయింది, అంతే. మలేరియా తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే మన్యం ఊళ్లకు ఈ సంగతి పరాయిది కాదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. 45 కిలోల బరువున్న ఒక స్త్రీ అనుకుందాం. గర్భిణి కాదు, హిమోగ్లోబిన్ 8 గ్రాములు. ఆమె ఒంట్లో రక్తం సుమారు మూడు లీటర్లు. హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము పెరగాలంటే మూడు లీటర్లకు 30 గ్రాముల కొత్త హిమోగ్లోబిన్ కావాలి. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది కాబట్టి మొత్తం దాదాపు 100 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మనకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. రోజుకొకటి చొప్పున నెలకు 1800 మిల్లీగ్రాములు. అందులో 10 శాతం ఒంటికి పట్టినా 180 మిల్లీగ్రాములు అందుతాయి. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 8 నుంచి పదికి దగ్గర పడాలి. అదే స్త్రీకి గుర్తించని టీబీ ఉండి, 2 శాతమే పట్టిందనుకోండి. అందేది 36 మిల్లీగ్రాములు. పెరిగేది గ్రాములో మూడో వంతు. ఆ కాస్త పెరుగుదల పరీక్షలో ఉండే చిన్న తేడాల్లోనే కలిసిపోతుంది. పైగా ఇన్‌ఫ్లమేషన్‌లో పాత కణాల ఐరన్ కూడా మాక్రోఫేజ్‌లలో చిక్కుకుపోతుంది కాబట్టి ఆ కాస్త కూడా పెరగకపోవచ్చు. రిజిస్టరులో మాత్రం "మాత్రలు వాడలేదు" అని రాస్తారు.

ఆమె వాడిందో లేదో తెలుసుకోవాలంటే మలం రంగు అడిగితే చాలు. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకు మలం నల్లగా వస్తుంది. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. మలం నల్లగా వస్తోంది, హిమోగ్లోబిన్ కదలడం లేదు అంటే మాత్ర కడుపులోకి వెళ్లింది, రక్తంలోకి చేరలేదు అని చాలావరకు అర్థం. అప్పుడు వెతకాల్సింది కారణాన్ని, తిట్టాల్సింది మనిషిని కాదు.

పరీక్షలో కూడా ఒక మోసం ఉంది. ఐరన్ నిల్వ తెలుసుకోవడానికి ఫెర్రిటిన్ పరీక్ష చేస్తారు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇన్‌ఫెక్షనో ఇన్‌ఫ్లమేషనో ఉన్నవాళ్లలో అదే గీతను 70కి పెంచింది. అంటే టీబీ ఉన్న మనిషికి ఫెర్రిటిన్ 40 వస్తే "నిల్వలు బాగానే ఉన్నాయి" అనకూడదు. ఇన్‌ఫ్లమేషన్ ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్షను ఫెర్రిటిన్‌తో కలిపి చూడాలి. హెప్సిడిన్‌ను నేరుగా కొలిచే పరీక్ష మామూలు ఆసుపత్రుల్లో దొరకదు, కాబట్టి మన అవసరానికి సీఆర్‌పీయే దారి.

"పట్టకపోతే రెండింతలు మింగించండి" అనేవాళ్లూ ఉన్నారు. తలుపే లేనప్పుడు బయట సరుకు పెంచి లాభం లేదు. అసలు 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటేనే హెప్సిడిన్ ఒక రోజు పాటు పెరుగుతుందని, రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ శాతం పడుతుందని ఐరన్ తక్కువున్న యువతుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. జబ్బు మనిషికి ఐరన్ కుమ్మరిస్తే ప్రమాదం కూడా ఉంది. జాంజిబార్‌కు చెందిన పెంబా దీవిలో, మలేరియా బాగా ఉన్న చోట, చిన్న పిల్లలందరికీ ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన ప్రయోగంలో తీవ్ర జబ్బులు, మరణాలు పెరిగాయి. 2006లో ఆ ఫలితాలు వచ్చాకే మలేరియా ప్రాంతాల్లో ఐరన్‌తో పాటు మలేరియా నివారణ, చికిత్స కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పడం మొదలైంది. నరం ద్వారా ఎక్కించే ఐరన్ పేగు తలుపును దాటేస్తుంది, అవసరమైన చోట బాగా పనికొస్తుంది. కానీ ఒంట్లో ఇన్‌ఫెక్షన్ రగులుతున్నప్పుడు దాన్ని సాధారణంగా వాయిదా వేస్తారు.

అలాగని రక్తం పట్టని ప్రతి మనిషిలో హెప్సిడిన్‌దే నేరం అనుకోవద్దు. కొంకిపురుగులు పేగులో రక్తం తాగేస్తే పోయేదే ఎక్కువ. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం కూడా అంతే. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో రక్తహీనతకు కారణం వేరు, వాళ్లకు పరీక్ష లేకుండా ఐరన్ ఇస్తూ పోకూడదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపొద్దు, ముఖ్యంగా గర్భిణులు.

మనం కొత్త పథకం ఏదీ అడగనక్కర్లేదు. చికిత్స మొదలుపెట్టిన నెలకు గర్భిణి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపి కారణం వెతకాలని ఎనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని మన పీహెచ్‌సీల్లో అమలు చేయించాలి, గర్భిణి కాని స్త్రీలకూ వర్తింపజేయించాలి. నెల తర్వాత రెండోసారి హిమోగ్లోబిన్ చూడాలి. పెరగకపోతే మలేరియా రక్తపరీక్ష, దగ్గు ఉన్నా బరువు తగ్గుతున్నా కఫం పరీక్ష, సీఆర్‌పీ, సికిల్ సెల్ పరీక్ష చేయాలి. దొరికిన జబ్బుకు మందు ఇచ్చి, తర్వాత ఐరన్ ఫలితం మళ్లీ చూడాలి. ఈసారి మీ ఊళ్లో ఎవరైనా ఒక అక్కను "మాత్రలు పారేస్తున్నావా?" అని గద్దిస్తే, పక్కనున్న మీరు అడగండి: "రెండో పరీక్ష ఎప్పుడు చేశారు? పెరగలేదని తెలిశాక ఏం వెతికారు?"