కమ్మీ ఉంటే చాలదు, దాని వెనుక గోడ ఉండాలి

పెద్దవారున్న ఇంట్లో కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక ఉక్కు కమ్మీ, దుకాణాల్లో గ్రాబ్ బార్ అని అడిగేది, ఉండాలని చెబితే ఇప్పుడెవరూ కాదనడం లేదు. అందుచేత నా ఫిర్యాదు బిగించనివారి మీద కాదు, బిగిస్తున్న తీరు మీద. ప్లంబరు వస్తాడు, నేలనుంచి మూడడుగులు కొలుస్తాడు, నాలుగు రంధ్రాలు వేసి ప్లాస్టిక్ ప్లగ్గులు దించి మరలు తిప్పి వెళ్లిపోతాడు. ఆ ఎత్తు ఎవరికోసమో, ఆ మరలు దేనిలోకి దిగాయో అడిగేవారు ఉండరు. ఈ రెండు ప్రశ్నలూ వేరు వేరు అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కావని మా అక్కయ్య ఇంట్లో తెలిసింది.

అక్కయ్యకు 76 ఏళ్లు, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. ఒకనాటి తెల్లవారుజామున కమోడ్ మీదినుంచి లేవబోతూ కమ్మీని పట్టుకుంటే, దాని ఒక చివర ప్లగ్గులతో సహా ఊడి చేతికి వచ్చింది. పడుతూ చెయ్యి నేలకు ఆనించడంతో కుడి మణికట్టు విరిగింది. కమ్మీ బిగించి ఎనిమిది నెలలైనా కాలేదు. కట్టు వేయించి ఇంటికి తెచ్చాక, నేను టేపు పట్టుకుని ఆ గదిలో కూర్చున్నాను.

కమోడ్ సీటు నేలనుంచి 43 సెంటీమీటర్లుంది. కమ్మీ 91 సెంటీమీటర్ల ఎత్తున, అంటే సరిగ్గా మూడడుగుల వద్ద ఉంది. సీటుకూ కమ్మీకీ మధ్య 48 సెంటీమీటర్లు. అక్కయ్య కూర్చున్నప్పుడు ఆమె మోచేయి సీటుకు 20 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కమ్మీ ఇంచుమించు భుజం దగ్గర ఉంది. భుజం ఎత్తున ఉన్నదాన్ని కిందికి నొక్కి ఎవరూ లేవలేరు. దాన్ని పట్టుకుని తమవైపు లాక్కుంటూ లేవవలసిందే. ఇక్కడే ఎత్తు సంగతి గోడ సంగతిగా మారుతుంది. కిందికి నొక్కినప్పుడు బరువు గోడ వెంబడి దిగుతుంది, మర అడ్డంగా నిలబడి దాన్ని మోస్తుంది. ముందుకు లాగినప్పుడు అదే బలం మరను గోడలోంచి బయటికి పీకుతుంది. రోజుకు ఆరేడుసార్లు, ఎనిమిది నెలలపాటు, మా అక్కయ్య తనకు తెలియకుండానే ఆ మరలను పీకుతూ వచ్చింది.

మూడడుగుల లెక్క ఎక్కడినుంచి వచ్చింది? అమెరికాలో అమలులో ఉన్న ప్రమాణం కమ్మీ పైభాగం 33 నుంచి 36 అంగుళాల మధ్య ఉండాలంటుంది. చక్రాల కుర్చీలోంచి కమోడ్ మీదికి పక్కగా మారే వయోజనులకు పనికివచ్చే ఎత్తది. బ్రిటన్ నిబంధనల్లో సీటు 48 సెంటీమీటర్లు, దాని పక్కన అడ్డకమ్మీ 68 సెంటీమీటర్లు. తేడా 20 మాత్రమే. రెండు దేశాలూ ఆలోచించే నిర్ణయించుకున్నాయి, కాని వేరు వేరు కదలికలను దృష్టిలో పెట్టుకున్నాయి. కర్ర పట్టుకునో, పట్టుకోకుండానో తన కాళ్లమీద నడిచివచ్చే మన ఇంటి పెద్దావిడకు కావలసినది నొక్కి లేచే కమ్మీ. కనుక నా అభిప్రాయం ఇది: ఎత్తును పుస్తకంలో చూడకండి, మనిషిని కూర్చోబెట్టి చూడండి. ఆమె మోచేయి మడిచినప్పుడు ముంజేయి ఎక్కడ ఉంటుందో అక్కడ పెన్సిలుతో గీత గీయండి. సాధారణంగా అది సీటుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల పైన వస్తుంది. లేచి నిలబడ్డాక తూలకుండా పట్టుకోవడానికి, సీటు ముందు అంచుకు ఒక జానెడు ముందుగా మరో నిలువు కమ్మీ ఉంటే మంచిది. ఎల్ ఆకారంలో దొరికే కమ్మీ ఈ రెండు పనులూ చేస్తుంది. మోకాళ్ల నొప్పులకని తరువాత సీటు మీద నాలుగంగుళాల ఎత్తు పీట అమర్చారా, కమ్మీ కూడా అంత పైకి జరగాలి. ఈ మాట దాదాపు అందరూ మరచిపోతారు.

ఇక గోడ. ఊడివచ్చిన ప్లగ్గు పొడవు 35 మిల్లీమీటర్లు. పగిలిన చోట టైలు 8, దాని వెనుక అతికించిన సిమెంటు 12, గోడ ప్లాస్టరింగు 15 మిల్లీమీటర్లు. కూడితే 35. అంటే ప్లగ్గు కొన ఇటుకను తాకనేలేదు! కమ్మీ ఎనిమిది నెలలు వేలాడింది గోడకు కాదు, గోడకు పూసిన పూతకు.

దీన్ని ముందే కనిపెట్టడానికి ఇంజనీరు అక్కరలేదు. రంధ్రం వేసేటప్పుడు పక్కన నిలబడి రాలే పొడి రంగు చూడండి. మొదట టైలు పొడి, తరువాత బూడిదరంగు సిమెంటు, ఆ తరువాత ఎర్రని ఇటుక పొడి రావాలి. ఎర్రపొడి రాకముందే డ్రిల్లు ఆపితే అక్కడే ఆపించి మాట్లాడండి. ఎర్రపొడి మొదలయ్యాక ఇంకా కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి పోవాలి. మా లెక్కలో అది మొత్తం 8.5 సెంటీమీటర్ల లోతు.

అన్ని గోడలూ ఎర్ర ఇటుకవి కావు. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక బ్లాకుల్లో డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. పొడి తెల్లగా, మెత్తగా రాలుతుంది. బోలు సిమెంటు దిమ్మెలైతే డ్రిల్లు ఒక్కసారిగా ఖాళీలోకి దూకుతుంది. ఈ రెండింటిలోనూ మామూలు ప్లగ్గు పనికిరాదు. తేలిక బ్లాకుకైనా, జాలీగొట్టంతో బోలు దిమ్మెకైనా కెమికల్ యాంకర్ వేయించాలి. లేదా గోడ ఆవలివైపు ఉక్కు పలక పెట్టి బోల్టు ఆరపార బిగించాలి. ఆవలివైపు పడకగది అయితే పలక కనిపిస్తుందని ఇంట్లోవారు ముఖం చిట్లిస్తారు. దాని మీద ఒక కేలెండరు తగిలించుకోమని నేను చెబుతుంటాను.

ఇల్లు కడుతున్నవారికి ఇంత తిప్పలు లేవు. కమోడ్ పక్క గోడలో 60 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తువరకు తేలిక బ్లాకుల బదులు గట్టి కాంక్రీటు వేయమని మేస్త్రికి ముందే చెప్పండి. ఆ ఎత్తులు స్లాబు మీదినుంచి కాదు, టైల్స్ పూర్తయ్యాక నేల వచ్చే మట్టంనుంచి కొలవాలి. టైల్స్ వేయకముందు గోడకు టేపు ఆనించి ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, నీళ్లపైపులు ఎక్కడున్నాయో తరువాత రంధ్రం వేసేవాడికి తెలుస్తుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులది మరో చిక్కు. అక్కడి గోడ చాలాచోట్ల పలుచని జిప్సం పలక. దాని వెనుక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున చెక్క నిలువులుంటాయి. కమ్మీ మరలు ఆ నిలువుల్లోకి, లేదా వాటి మధ్య అడ్డంగా బిగించిన దళసరి చెక్కలోకి దిగాలి. గోడ తెరవడానికి వీల్లేని అద్దె ఇల్లయితే, కమోడ్ చుట్టూ నేలమీద నిలిచే ఫ్రేమే మేలు. గాలి పట్టుతో టైలుకు అంటుకునే కప్పుల కమ్మీని మాత్రం మనిషి బరువుకు నమ్మవద్దు.

అక్కయ్య ఇంట్లో కమ్మీని 65 సెంటీమీటర్లకు దించి, పొడవాటి మరలతో ఇటుకలోకి బిగించాము. అమెరికా ప్రమాణం ప్రకారం కమ్మీ 250 పౌండ్ల బలానికి, అంటే సుమారు 113 కిలోలకు, తట్టుకోవాలి. మా దగ్గర అంత కొలిచే సాధనం లేదు కనుక, 90 కిలోలుండే మా మేనల్లుడు రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి వాలి, బరువంతా వేసి లాగాడు. అంచుల్లో పూసిన సిలికాన్‌లో సన్నని చీలిక కూడా కనబడలేదు. నెలకొకసారి వాడు వచ్చి మళ్లీ లాగి చూస్తున్నాడు. అక్కయ్య ఇప్పుడు ఎడమచేత్తో నొక్కి లేస్తోంది. కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు.