వీడియోకు దారి కౌంటరు దగ్గరే ఉంది

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల హార్డ్‌వేర్ షాపులవాళ్లకు ఈమధ్య ఒకే సలహా అందుతోంది. షాపు పేరుతో యూట్యూబ్ చానల్ పెట్టండి, ఇది ఐటీ ఏరియా కాబట్టి టైటిల్ ఇంగ్లిష్‌లో రాయండి, పెట్టెలో పట్టినన్ని ట్యాగులు నింపండి, లోగోతో మంచి మ్యూజిక్ పెట్టండి, రోజుకొక వీడియో వదలండి, మిగతాది సెర్చే చూసుకుంటుంది అని. నెలకింత అని రుసుము తీసుకుని మరీ ఈ సలహా ఇస్తున్నారు. ఇది తప్పు సలహా. దీన్ని నమ్మిన షాపు డబ్బూ పోగొట్టుకుంటుంది, తన దగ్గరున్న అసలు సరుకునూ వాడుకోలేకపోతుంది. ఆ సరుకు కౌంటరు దగ్గర రోజూ వినపడే ప్రశ్నలు.

ముందు ట్యాగుల సంగతి. ఆ పెట్టెలో 500 అక్షరాలు పడతాయి. జనం తరచూ తప్పు స్పెల్లింగుతో వెతికే పేరు ఉంటే ట్యాగులు పనికొస్తాయని, అంతకుమించి వీడియో కనపడటంలో వాటి పాత్ర చాలా తక్కువని యూట్యూబ్ సహాయ పేజీలోనే ఉంది. అవే ట్యాగులను డిస్క్రిప్షన్‌లో కుప్పగా పోస్తే నియమాల ఉల్లంఘన అవుతుంది, వీడియో తీసేసే ప్రమాదమూ ఉంది.

మరి ఏది పనిచేస్తుంది? మన ఐటీ కారిడార్‌లోంచే ఒక సమస్య తీసుకుందాం. కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు లేచిన ఎత్తైన టవర్లలో చాలావాటికి ఇటుక గోడలు లేవు. అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. జనం వీటిని మివాన్ గోడలంటారు. కొత్తగా ఫ్లాటులో దిగినాయన కర్టెన్ రాడ్ బిగిద్దామని ఇంట్లో ఉన్న మామూలు డ్రిల్ పెడతాడు. తెల్లటి పుట్టీ పొడి కొంచెం రాలుతుంది, ఆ తర్వాత బిట్ వేడెక్కడమే తప్ప లోపలికి దిగదు. షాపుకొచ్చి అడుగుతాడు: "అన్నా, మా గోడకి డ్రిల్ దిగుతలేదు, ఏం చెయ్యాలె?"

ఆ ప్రశ్నే వీడియో. కొండాపూర్‌లోని ఒక షాపు దీన్ని తీస్తోందనుకుందాం. ఇంగ్లిష్‌లో "హౌ టు డ్రిల్ ఎ వాల్" అని పేరు పెడితే ప్రపంచమంతటి చానళ్లతో పోటీ, పైగా వాళ్లలో చాలామంది చూపేది ఇటుక గోడ, చెక్క గోడ. మన ఇంజనీరు ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడవచ్చు, కానీ ఇంట్లో గోడ ముందు ఇబ్బంది పడుతున్నప్పుడు తన మాటల్లోనే వెతుకుతాడు, అదీ తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి. కాబట్టి టైటిల్ రెండు లిపుల్లోనూ ఆ మాటనే పట్టుకోవాలి:

```
మివాన్ గోడకు డ్రిల్ దిగట్లేదా? | Mivan godaku drill digatleda
```

టైటిల్‌లో 100 అక్షరాల వరకు రాయనిస్తారు, కానీ ఫోన్ తెరపై చివరి భాగం తెగిపోతుంది. అందుకే ప్రశ్న ముందుండాలి, షాపు పేరు టైటిల్‌లో అక్కర్లేదు. జనం ఏ మాటలు కొడుతున్నారో తెలుసుకోవడానికి సెర్చ్ పెట్టెలో "mivan wall" అని కొట్టి ఆగి, కింద వచ్చే సూచనలు చూడండి. అయితే రోజూ వాడే ఖాతాలోంచి చూడవద్దు. మీ చరిత్రను బట్టి అది మీరు వెతికిన మాటలనే మీకు పైన చూపి మోసపుచ్చవచ్చు.

తర్వాత మొదటి 30 సెకన్లు. లోగో, మ్యూజిక్, "నమస్కారం, మా చానల్‌కు స్వాగతం" అన్నీ తీసేయండి. మొదటి ఫ్రేములోనే దిగని డ్రిల్ చూపండి. "ఇది ఇటుక కాదు, కాంక్రీటు. దీనికి రోటరీ హ్యామర్, ఎస్‌డీఎస్ బిట్ కావాలి" అని జవాబు వెంటనే చెప్పండి. జవాబు ముందే చెబితే జనం వెళ్లిపోతారని భయపెడతారు. నిజానికి మనిషి ఆగేది వివరం కోసం. 8 ఎంఎం ఫిషర్‌కు 8 ఎంఎం బిట్టే వాడాలి, రంధ్రం ఫిషర్ పొడవు కన్నా కొంచెం లోతుగా ఉండాలి, పొడి ఊదేయాలి, ఇనుప చువ్వ తగిలితే బలవంతం చేయకుండా పక్కకు జరగాలి, స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా వైరు పైపు ఉండవచ్చు కాబట్టి అక్కడ వేయకూడదు. ఇవి చూపితేనే చివరిదాకా ఉంటాడు.

ఈ వివరాలకు డిస్క్రిప్షన్‌లో సమయాలు రాస్తే వీడియో అధ్యాయాలుగా విడిపోతుంది:

```
00:00 మామూలు డ్రిల్ ఎందుకు దిగదు
00:40 మివాన్ గోడను గుర్తుపట్టడం
01:30 ఏ మిషన్, ఏ బిట్
02:45 ఇనుప చువ్వ తగిలితే
04:10 ఫిషర్ బిగించడం
```

మొదటిది 00:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. "చువ్వ తగిలింది" అని వెతికేవాడికి ఈ వరుసల్లోనే తన జవాబు కనబడుతుంది.

ఇక సెర్చ్ ఒక తలుపు, పక్కన వచ్చే సూచనలు ఇంకో తలుపు. సెర్చ్‌లో మనిషి అడిగిన మాటకు వీడియో సరిపోవాలి. సూచనల్లో అతను ఇప్పుడు చూసినదాని తర్వాత ఏం చూస్తాడన్నది లెక్క. యూట్యూబ్ 2012లోనే క్లిక్కుల లెక్క నుంచి చూసిన సమయం లెక్కకు మళ్లింది. క్లిక్కులను బట్టి వరుస పెడితే మోసపు వీడియోలు పైకొస్తాయని దాని ఇంజనీర్లు 2016లో ఒక పరిశోధన పత్రంలో రాశారు కూడా. కాబట్టి రోజుకొక సంబంధం లేని వీడియో కన్నా, ఒకే గోడ చుట్టూ నాలుగు వీడియోలు మేలు: డ్రిల్లింగ్, ఫిషర్ ఎంపిక, కర్టెన్ రాడ్, టీవీ స్టాండ్. ఒకదాని చివరి 5 నుంచి 20 సెకన్లలో ఎండ్ స్క్రీన్ పెట్టి తర్వాతిదానికి దారి చూపండి.

"ట్యాగులు పెడితే నష్టమేముంది?" అని అడుగుతారు. నష్టం సమయానిది. ట్యాగులు నింపే ఆ గంటలో యూట్యూబ్ స్టూడియో తెరిస్తే మూడు విషయాలు తేలతాయి. ట్రాఫిక్ వనరుల్లో జనం నిజంగా కొట్టిన మాటలు కనబడతాయి, అవి టైటిల్‌లో లేకపోతే టైటిల్ మార్చండి. నిలకడ గ్రాఫులో గీత ఎక్కడ పడిపోయిందో కనబడుతుంది. మొదటి అరనిమిషంలోనే పడితే టైటిల్ చెప్పింది వీడియో చూపలేదని, మధ్యలో పడితే అక్కడ సాగదీశారని అర్థం. ఇంప్రెషన్లు బాగున్నా క్లిక్కులు రాకపోతే థంబ్‌నెయిల్‌లో లోపం. వీటిలో ఏదీ ట్యాగులతో బాగుపడదు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. మివాన్ గోడ వీడియోకు లక్షల వ్యూలు రావు, చూసినవాళ్లలో కొందరు విజయవాడలోనో డాలస్‌లోనో ఉంటారు, బిట్ కొనడానికి మీ షాపుకు రారు. కానీ హార్డ్‌వేర్ షాపుకు కావలసింది వ్యూల సంఖ్య కాదు. ఫోన్ పట్టుకొచ్చి "ఇందులో చూపిన బిట్ ఇవ్వండన్నా" అనే ఆ చుట్టుపక్కల మనిషి.

షాపు యజమానులకు నా మనవి: ఈ నెల ట్యాగుల ప్యాకేజీ కొనకండి. ఒక నోటుబుక్కు కొని కౌంటరు మీద పెట్టండి. వచ్చినవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాయండి. రెండుసార్లు కనబడిన ప్రశ్నకు ముందుగా వీడియో తీయండి.