తెలుగు మెసేజీలు ఆపేసిన కమిషనర్ గారికి

పురపాలక సంఘం కమిషనర్ గారికి,

కిందటి వారం మీ కార్యాలయం నోటీసు బోర్డులో అంటించిన ఉత్తర్వు చదివాను. తెలుగు ఎస్సెమ్మెస్‌లకు ఇంగ్లిష్ కంటే మూడింతలు ఖర్చవుతోంది కాబట్టి నీళ్ల సరఫరా, పన్ను బకాయిల సమాచారం ఇకమీదట ఇంగ్లిష్‌లో మాత్రమే పంపుతామని అందులో రాశారు. నేను చాలా ఏళ్లు బల్క్ ఎస్సెమ్మెస్‌లు పంపే చోట పనిచేసినవాణ్ణి. మీకు వచ్చిన బిల్లు అబద్ధమని నేను అనడం లేదు. ఆ బిల్లు ఎందుకు అంత వచ్చిందో మీకు ఎవరైనా చెప్పారా అన్నదే నా మొదటి ప్రశ్న.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఏ భాషకైనా ఇంతే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు కలిపి ఒక చిన్న పట్టిక ఉంది. అందులోవాటికి ఒక్కోదానికి 7 బిట్లు చాలు. 1120ని 7తో భాగిస్తే 160. అందరూ చెప్పే 160 అక్షరాల లెక్క అక్కణ్ణుంచి వచ్చింది. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో లేవు. వాటిని యూనికోడ్‌లో పంపాలి, ఒక్కోదానికి 16 బిట్లు. 1120ని 16తో భాగిస్తే 70.

ఆ 70 కూడా మెసేజీ ఒక్కదానిలో సరిపోయినప్పుడే. 71వది పడగానే మెసేజీ రెండు ముక్కలవుతుంది. ఇది ఎన్నింటిలో ఎన్నో ముక్క, ఏ మెసేజీకి చెందింది అని ఫోనుకు చెప్పడానికి ప్రతి ముక్క మొదట్లో 6 బైట్లు పోతాయి. మిగిలిన 134 బైట్లలో తెలుగు 67 పడుతుంది, ఇంగ్లిష్ 153 పడుతుంది. చేరాక ఫోను వాటిని అతికించి ఒకే మెసేజీగా చూపిస్తుంది. అందుకే మీ సిబ్బందికి ముక్కలు కంటికి కనబడవు, బిల్లులోనే కనబడతాయి. కంపెనీ డబ్బు తీసుకునేది మెసేజీకి కాదు, ముక్కకు. మా పనిలో దాన్ని సెగ్మెంటు అంటాం.

ఇక్కడ తెలుగుకు ఇంకో మెలిక ఉంది. మనం బడిలో నేర్చుకున్న అక్షరం వేరు, ఫోను లెక్కపెట్టేది వేరు. ‘మరమ్మతు’ అన్న మాట మన కంటికి నాలుగక్షరాలు. ఫోనుకు ఏడు: మ, ర, మ, పొల్లు, మళ్లీ మ, త, కొమ్ము. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు. గుణింతం గుర్తుకు ఒకటి, ఒత్తుకు రెండు చొప్పున పెరుగుతుంది. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాయి. దానికీ ఒకటి లెక్కే. కాబట్టి 70 అంటే 70 తెలుగు అక్షరాలని ఎవరైనా అనుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది.

ఇప్పుడు మీ కార్యాలయం కిందటి నెలలో పంపిన మెసేజీ చూడండి. నా ఫోనులో ఇంకా ఉంది.

“గౌరవనీయులైన వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా, ప్రధాన పైపులైను మరమ్మతుల కారణంగా రేపు మీ వార్డులో తాగునీటి సరఫరా నిలిపివేయబడుతుంది. సహకరించగలరు. పురపాలక సంఘం”

ఫోను లెక్కలో ఇది 156. మొదటి ముక్కలో 67, రెండో ముక్కలో 67, మిగిలిన 22 కోసం మూడో ముక్క. ఇంగ్లిష్‌లో 156 ఉంటే ఒక్క ముక్కలో సరిపోయేది. మీ ఉత్తర్వులోని మూడింతలు ఇవే. నిజమే. కానీ అందులో జనానికి కావలసిన సమాచారం ఎంత? ‘రేపు’ అన్న మాట చేరేసరికే 80 అయిపోయింది. అంటే తెలుగు మెసేజీ ఒక్కదాని సరుకంతా నీళ్ల ఊసు రాకుండానే ఖర్చయింది. నీళ్లు రావని చెప్పే మాట రెండో ముక్క చివరికి గానీ రాదు. ఇదే విషయం నేను ఇలా రాస్తాను:

“రేపు మీ వార్డుకు తాగునీరు రాదు. పైపులైను మరమ్మతు. పురపాలక సంఘం”

ఇది 62. ఒక్క ముక్క. ఇంకా ఎనిమిది మిగిలాయి. మన ఊళ్లో 20 వేల కుళాయి కనెక్షన్లు, ముక్కకు 15 పైసలు అనుకుందాం. మీ అసలు రేటు మీ ఒప్పందంలో ఉంటుంది. పాత మెసేజీకి 9,000 రూపాయలు, ఈ మెసేజీకి 3,000. ఇంగ్లిష్‌లో పంపినా 3,000 కంటే తగ్గదు, ఎందుకంటే ఒక ముక్క కంటే తక్కువ ఎవరూ అమ్మరు. మరి ఖర్చు పెంచింది తెలుగు భాషా, ‘తెలియజేయునది ఏమనగా’ అన్న వాక్యమా? భాషను తీసేసే ముందు ఆ వాక్యాన్ని తీసేయాలని ఒక్కరికీ తోచలేదా?

అన్నీ 70లో ఇమడవని నాకు తెలుసు. ఇంటి నంబరు, బకాయి మొత్తం, గడువు తేదీ, చెల్లించడానికి లింకు అన్నీ పెట్టాలంటే తెలుగులో రెండు ముక్కలవుతాయి. అంకెలు, లింకు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి కదా, వాటికి తక్కువ పడుతుందని కొందరు అనుకుంటారు. పడదు. మెసేజీలో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం మెసేజీ 16 బిట్లకు మారుతుంది. అందువల్ల పన్ను మెసేజీకి తెలుగులో నిజంగానే రెండింతలు అవుతుంది. ఆ తేడా భరించాలా వద్దా అన్నది కౌన్సిల్లో చర్చించవలసిన మాట. అది చర్చకు రాలేదు. నీళ్ల మెసేజీనీ పన్ను మెసేజీనీ ఒకే గాటన కట్టి రెండింటికీ తెలుగు తీసేశారు.

ఇక ఉత్తర్వు వచ్చాక మీరు పంపిన మొదటి ఇంగ్లిష్ మెసేజీ సంగతి. నీటి పన్ను బకాయి గురించి వచ్చింది. మొత్తం 148 అక్షరాలు. బకాయి అంకెకు ముందు ₹ గుర్తు పెట్టారు. కమిషనర్ గారూ, ఆ గుర్తు నేను చెప్పిన 7 బిట్ల పట్టికలో లేదు. ఆ ఒక్క గుర్తు వల్ల మెసేజీ అంతా యూనికోడ్‌కు మారింది. 148ని 67 చొప్పున కోస్తే మూడు ముక్కలు. అంటే ఊరందరికీ అర్థం కాని భాషలో పంపి, తెలుగుకు అయ్యే ఖర్చే పెట్టారు! ₹ బదులు Rs అని కొట్టి ఉంటే ఒక్క ముక్కలో పోయేది. వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసినప్పుడు వచ్చే వంకర కొటేషన్ గుర్తులు, పొడుగు గీత కూడా ఇదే పని చేస్తాయి. నా మాట నమ్మనక్కర్లేదు. మీకు సర్వీసు ఇస్తున్న కంపెనీని ఆ రోజు డెలివరీ రిపోర్టు అడగండి. అందులో ఒక్కో నంబరు పక్కన ఎన్ని సెగ్మెంట్లు పోయాయో, యూనికోడా కాదా అని ఉంటుంది. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీ టేబుల్ మీదికి ఎందుకు రాలేదు? మూడింతలు అన్న లెక్క చెప్పినవారు ఎందువల్ల మూడింతలో ఎందుకు చెప్పలేదు?

ఆ మెసేజీ వచ్చిన రోజు మా వీధి చివర ఇడ్లీలు వేసే ఆవిడ ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అన్నా, నీళ్లు రావంటున్నారా, వస్తాయంటున్నారా?” అని అడిగింది. అది నీళ్ల మెసేజీ కాదమ్మా, బకాయి మెసేజీ అని చెప్పాను. నీళ్లు రావనుకుని ఆమె అప్పటికే డ్రమ్ములు నింపడానికి పిల్లవాణ్ణి బడి మాన్పించింది. పన్నులు ఆమె కడుతోంది. ఆ పన్నుతోనే మీరు మెసేజీలు కొంటున్నారు. ఆమె చదవలేని మెసేజీకి ఎంత తక్కువ ఖర్చయినా ఆ డబ్బు ఎవరికి ఉపయోగపడినట్టు?

2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం మీరు పంపే ప్రతి మెసేజీ నమూనా ముందుగా రిజిస్టరు చేయించాలి. అంటే ఈ ఇంగ్లిష్ నమూనాలను ఎవరో కూర్చుని రాశారు, అప్‌లోడ్ చేశారు, అనుమతి తెచ్చారు. అంత శ్రమ పడినప్పుడు చిన్న తెలుగు నమూనా ఒకటి రాయడానికి అడ్డం ఏమొచ్చింది? రాసేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. వార్డు పేరు, తేదీ లాంటివి నింపే ఖాళీలు ఉంటే, అన్నిటికంటే పొడుగైన పేరు పెట్టి లెక్క చూసుకోవాలి. చిన్న పేరుతో 68 వచ్చిన నమూనా పెద్ద పేరున్న వార్డుకు పోయేసరికి 74 అవుతుంది. ఆ వార్డు మొత్తానికి బిల్లు రెట్టింపవుతుంది.

తెలుగు సహజంగానే బరువైన భాష అన్నట్టు కొందరు మాట్లాడతారు. అదీ నిజం కాదు. ఎస్సెమ్మెస్ ప్రమాణంలోనే తెలుగుకు 7 బిట్ల పట్టిక ఒకటి ఉంది. హిందీ, తమిళం, కన్నడం వంటి పది భారతీయ భాషలకు 2012 నాటికే చేర్చారు. దానితో పంపితే ఒక ముక్కలో 155 దాకా పడుతుంది. అయితే ఆ పట్టిక తెలియని ఫోనుకు అది వెళితే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల ముద్ద కనబడుతుంది. అందుకే బల్క్‌లో ఎవరూ సాహసించరు, అందరూ యూనికోడే పంపుతారు. మీరు దాన్ని వాడమని నేను అనను. లోపం మన లిపిలో లేదని చెప్పడానికే ఇది రాశాను.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపుదామని మీ ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. తెలుగు మాత్రమే చదవగలవాళ్లకు అది అందదు. పేర్ల బోర్డులు అయిపోయాయి, రసీదులు అయిపోయాయి, ఫిర్యాదు చేసే యాప్ అయిపోయింది. ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతుంటే ప్రతిసారీ ఒక కారణం చెప్పారు, మేము సరే అనుకున్నాం. మెసేజీ ఒక్కటి మిగిలింది. దీనికీ సరే అనాలా?

మీరు మంచి అధికారి అని వార్డుల్లో పేరుంది. వానాకాలంలో కాల్వల పని దగ్గర మీరు నిలబడటం మేమంతా చూశాం. అందుకే ఈ ఉత్తర్వు ఇంకా బాధ పెడుతోంది. దీన్ని మరొక్కసారి చూడండి. నీళ్ల మెసేజీ అయినా వెంటనే తెలుగులోకి తీసుకురండి. కిందటి నెల బిల్లులోని సెగ్మెంట్ల లెక్కను, ఈ వారం ఇంగ్లిష్ మెసేజీకి పడిన సెగ్మెంట్ల లెక్కను పక్కపక్కన పెట్టి కౌన్సిల్ ముందుంచండి. నమూనాలు రాసిపెట్టే మనిషి కావాలంటే కబురు చేయండి, వస్తాను.

ఇట్లు
మీ పట్టణ వాసి, పన్ను చెల్లింపుదారు