రాలేనని చెప్పే మర్యాద

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఇహ్రామ్ స్థితిలో ప్రయాణిస్తుండగా సఅబ్ బిన్ జస్సామా (రజి) ఒక అడవి గాడిదను కానుకగా సమర్పించారు. ప్రవక్త (స) దానిని తిరిగి ఇచ్చివేశారు. అయితే ఇచ్చిన వ్యక్తి ముఖం చిన్నబోవడం గమనించి, తాము ఇహ్రామ్‌లో ఉన్నందువల్లనే స్వీకరించలేదని తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ సంఘటన, కాదనవలసి వచ్చినప్పుడు ఎలా కాదనాలో మనకు నేర్పుతుంది. అడ్డుపడినది పరిస్థితియే గాని ఎదుటి మనిషి పట్ల అయిష్టం కాదని ఆయనకు తెలియాలి.

ఈ మర్యాద సమావేశాల పిలుపులకూ వర్తిస్తుంది. ఒక మస్జిద్‌లో జకాత్ లెక్కలు రాసే సోదరుడున్నాడనుకుందాం. వుజూఖానా కుళాయిల మరమ్మతు గురించి ఆదివారం అసర్ తరువాత జరిగే సమావేశానికి ఆయనకూ పిలుపు వచ్చింది. ఆ పనితో తనకు సంబంధం కనిపించడం లేదు. ముందుగా ఆయన, తన వల్ల కావలసినది ఏమైనా ఉందా అని కార్యదర్శిని అడగాలి. ఖర్చు లెక్క కోసమే పిలిచి ఉండవచ్చు. అలాంటిదేమీ లేదని తేలితే, ఆ రోజే ఇలా రాయవచ్చు:

“అస్సలాము అలైకుమ్ భాయిసాబ్. గుర్తుపెట్టుకొని పిలిచినందుకు జజాకల్లాహు ఖైర్. కుళాయిల పని గురించి నాకు తెలిసినది తక్కువ. మీరు అనుమతిస్తే ఈసారి రాకుండా ఉంటాను. ఖర్చు విషయం చర్చకు వస్తే ఫోన్ చేయండి, లెక్క చూసి చెబుతాను. ఏం నిర్ణయించారో తరువాత తెలుసుకుంటాను.”

ఇందులో “అనుమతిస్తే” అన్న మాట ముఖ్యమైనది. సామూహిక కార్యంలో ప్రవక్త (స) వెంట ఉన్న విశ్వాసులు ఆయన అనుమతి కోరకుండా వెళ్లిపోరని సూరా నూర్ 62వ ఆయతు తెలుపుతుంది. అనుమతి కోరడం వల్ల పిలిచినవారి స్థానాన్ని మనం గుర్తించినట్లవుతుంది. ఆయన “లేదు, మీరు రావలసిందే” అంటే అందుకు కారణం ఉండి ఉంటుంది. అప్పుడు వెళ్లడమే మంచిది.

మనలో చాలామంది ఈ మాట చెప్పడానికి మొహమాటపడి “ఇన్షా అల్లాహ్ చూస్తాను” అంటారు. రాకూడదని మనసులో నిశ్చయించుకొని ఆ పవిత్రమైన మాటను తెరగా వాడుకోవడం తగదు. కార్యదర్శి ఆయన కోసం కుర్చీ వేయించి, ఎదురుచూసి, చివరకు నొచ్చుకుంటాడు. లేని జ్వరాన్ని సాకుగా చెప్పడం అబద్ధమే అవుతుంది. ఆ సాయంత్రమే బజారులో ఎదురుపడితే స్నేహమూ చెడుతుంది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. వలీమా పిలుపును అంగీకరించాలని హదీసులు గట్టిగా చెబుతున్నాయి. దానిని ఈ లెక్కలో చేర్చరాదు. అలాగే మన చేతిలో అమానతుగా ఉన్న డబ్బు గురించి చర్చ జరిగేటప్పుడు, అది మనకు సంబంధించని సమావేశమని అనలేము.