ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న ఆరోగ్య విద్య పాఠంలో గుండె జబ్బుల గురించి చెప్పారట. "హృద్రోగాలకు ఐదు కారణాలు వ్రాయుము" అన్న ప్రశ్నకి జవాబు గడగడా అప్పజెప్పింది: పొగ తాగడం, అధిక రక్తపోటు, ఊబకాయం, వ్యాయామం లేకపోవడం, మానసిక ఒత్తిడి. అప్పజెప్పి, నేను పెట్టిన పెరుగన్నంలో ఇంకాస్త ఉప్పు కలుపుకుని, ఆవకాయ బద్ద నంజుకుంది.

నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. పక్క గదిలో మా అత్తయ్యగారు ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నాలుగేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడే ఆవిడకి బీపీ ఉందని మాకు మొదటిసారి తెలిసింది. "నాకేం బాధ లేదే, పరీక్ష దేనికీ?" అనేవారు. బీపీతో వచ్చిన చిక్కే అది. ఏ బాధా లేకుండానే ఏళ్ళ తరబడి ఉండగలదు. పిల్ల జవాబులో 'అధిక రక్తపోటు' అన్న రెండు మాటలకీ, వాళ్ళ నానమ్మ చేతికీ సంబంధం ఉందని ఆ పాఠం దానికి చెప్పలేదు.

బళ్ళో రెండో పని కూడా చేశారు. అందరినీ వరసలో నిలబెట్టి బరువు తూచి, పైకి చదివారు. మా అమ్మాయి స్నేహితురాలు ఒకతి ఆ మర్నాటి నుంచి టిఫిన్ డబ్బా తెరవడం మానేసింది. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల ఒంటి మీద అందరి కళ్ళూ పడేలా చేసి గుండె ఆరోగ్యం నేర్పుతామంటే నేనొప్పుకోను. ఆ పిల్ల నేర్చుకున్నది సిగ్గుపడడం, ఆకలి చంపుకోవడం. గుండె గురించి ఏమీ కాదు.

ఈ పాఠాన్ని బరువుతో కాదు, ఉప్పుతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఉప్పు ఇంటిల్లిపాదికీ ఒకటే ప్యాకెట్. అందులో ఏ ఒక్కరి తప్పూ బయటపడదు, లెక్క మాత్రం తేలుతుంది. మేం చేసి చూశాం కాబట్టే చెబుతున్నాను.

కిలో ఉప్పు ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయమన్నాను. మేం నలుగురం. ప్యాకెట్ సరిగ్గా ఇరవై అయిదు రోజులకి ఖాళీ అయింది. పుక్కిలించడానికీ, ఆకుకూరలు కడగడానికీ పోయింది ఓ వంద గ్రాములు అనుకుని తీసేశాం. మిగతా 900 గ్రాములని నలుగురికీ, 25 రోజులకీ పంచితే మనిషికి రోజుకి 9 గ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక చిన్న టీ స్పూను. "అమ్మా, మనం రెండు స్పూన్లు తింటున్నామా?" అని నోరెళ్ళబెట్టింది.

"ఆవకాయ లెక్క వేశావా?" అన్నాను. పచ్చడి ఉప్పు ఆ ప్యాకెట్లోది కాదు, వేసవిలో విడిగా తెచ్చిన కల్లుప్పు. ఈ ఏడు మూడు కిలోల ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి ఆరేసి వందల గ్రాములు, నూనె కిలో వేశాను. మొత్తం 5,800 గ్రాముల్లో ఉప్పు 600. నూటికి పది గ్రాముల పైనే. ఇరవై గ్రాముల పచ్చడి వేసుకుంటే రెండు గ్రాముల ఉప్పు. తొమ్మిది కాస్తా పదకొండయింది.

తర్వాత అది సాయంత్రం తినే కారప్పూస ప్యాకెట్ తెచ్చింది. వెనకాల ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. వంద గ్రాములకి 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే రెండు గ్రాముల ఉప్పన్నమాట. ఈ ఒక్క గుణకారం నేర్పితే పిల్లలు కొట్లో నిలబడి ప్యాకెట్లు తిప్పి చూస్తారు. మాది చూస్తోంది.

ఇక తగ్గించడం. నేను ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో అందరూ మళ్ళీ పైన చల్లుకుంటారని నాకు తెలుసు. అందుకే కూరలో చేత్తో వేయడం మాని స్పూనుతో కొలిచి, వారానికి కాస్త కాస్త తగ్గించాను. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. మజ్జిగలో ఉప్పు మానేశాం, కంచం పక్కన ఉప్పు డబ్బా తీసేశాం, పచ్చడి ఒక పూటే. మూడో ప్యాకెట్ 36 రోజులు వచ్చింది. మనిషికి ఆరు గ్రాముల చిల్లర. ఐదు లోపలికి ఇంకా రాలేదు. పైగా "ఈ నెల నాలుగుసార్లు బయట తిన్నాంగా, అది ఇందులో లేదు" అని పిల్లే పట్టుకుంది. లెక్కలో లోపం తనే కనిపెట్టిందంటే పాఠం ఒంటబట్టినట్టే.

ఇక్కడ టీచర్లు తప్పకుండా చెప్పవలసినవి రెండున్నాయి. సైంధవ లవణమైనా, గులాబీ రంగు ఉప్పయినా బీపీ లెక్కలో ఉప్పే. అయోడిన్ ఉన్న ఉప్పు మాని వాటికి మారడం వల్ల లాభం లేదు. రెండోది, సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళకీ అది ప్రమాదం. డాక్టర్ని అడగకుండా ఇంట్లోకి తేకూడదు.

ఉప్పు తర్వాత నేర్పవలసింది బీపీ సరిగ్గా చూడడం. మావారు బయటినుంచి వచ్చి, ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి చాపారు. 148/92 చూపించింది. పిల్ల కంగారుపడింది. ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టాం. వీపు కుర్చీకి ఆని, పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉంచి, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద కట్టాం. నిమిషం తేడాతో రెండుసార్లు చూస్తే 130/84, 128/82. కాఫీ తాగిన అరగంట లోపు కూడా చూడకూడదు. ఒక్కరోజు అంకెతో జబ్బు ఉందనీ లేదనీ తేల్చలేం. కొన్ని రోజులు రాసుకుని, ఇంట్లో 135/85కి తగ్గకుండా వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పిల్ల పని కొలిచి రాయడం వరకే. నానమ్మ మాత్రలు మార్చడం దాని పని కాదు, నా పని కూడా కాదు.

ఒక మాట మాత్రం గట్టిగా అంటాను. ఈ పాఠం "మీ అమ్మకి చెప్పి ఉప్పు తగ్గించమనండి" అని ముగియకూడదు. వంట చేసేది నేనే కావచ్చు, రుచి చాలకపోతే మొహం ముడిచేది ఇల్లంతా. తేదీ వేసేదీ, భాగహారం చేసేదీ, తగ్గిన రుచికి ముందుగా సర్దుకునేదీ పిల్లలే అయితే అప్పుడది వాళ్ళ పాఠం అవుతుంది. ప్రాజెక్టు అంటే గుండె బొమ్మకి ఎరుపు, నీలం రంగులు వేయడం కాకుండా, ఒక ఉప్పు ప్యాకెట్ లెక్క రాసుకు రమ్మని అడగమని వచ్చే మీటింగులో టీచరుగారికి చెప్పబోతున్నాను.

మొన్న అత్తయ్యగారి చేతికి పట్టీ కడుతూ అది అడిగింది, "నానమ్మా, నీకు ముందే ఎవరూ ఇలా చూడలేదా?" అని. ఆవిడ కుడి చేత్తో దాని తల నిమిరి, "చూసేవాళ్ళెవరే, మాకెవరు నేర్పారు?" అన్నారు.