బొట్టు చర్మం కాదు

మొన్న సంక్రాంతి సెలవులకి మినీ ప్రాజెక్ట్‌ని కూడా ఇంటికి మోసుకెళ్లాను. రెండు ఫొటోల్లో ముఖాలు మార్చే ప్రోగ్రాం అది. పరీక్షించడానికి అమ్మమ్మ ఫొటో ఒకటి, లంగావోణీలో నా సెల్ఫీ ఒకటి తీసుకున్నాను. అమ్మమ్మది తాతయ్య షష్టిపూర్తి నాటి ఫొటో. పట్టుచీర, పెద్ద కుంకుమబొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చెవులకి బుట్టలు. నాకేమో చిన్న స్టిక్కర్ బొట్టు, కుడివైపు ఒకటే పుడక. ఆవిడ చీర మీద నా ముఖం పెట్టి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "నుదుటి మీద ఆ దెబ్బేంటే? అయినా నా రెండో పుడక ఏదీ? అది మా అమ్మ పెట్టింది" అంది.

అది దెబ్బ కాదు, బొట్టే. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఈ మాట చెప్తే మా బ్యాచ్‌లో ఒకడు, "దానికంత ఆలోచనెందుకు, చివర్లో ఒక స్టిక్కర్ అతికిస్తే పోయె" అన్నాడు. నేను ఒప్పుకోను. అసలు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ముఖం మారితే నగలు ఎవరివి? నా లెక్కలో అవి ముఖానివి కావు, ఆ ఫొటోవి. ఆ చీరవి, ఆ రోజువి. ముఖం నాదే రానివ్వండి, బొట్టూ పుడకలూ బుట్టలూ మాత్రం అమ్మమ్మవే ఉండాలి. ఇది ముందే అనుకోకపోతే ప్రోగ్రాం తనకి తోచినట్టు పంచేస్తుంది.

ఎలా పంచుతుందో చూడండి. మనలో చాలామంది వాడే dlib మోడల్ ముఖం మీద 68 గుర్తులు పెడుతుంది. దవడ, కనుబొమలు, కళ్లు, ముక్కు, పెదాలు, అంతే. కనుబొమల పైన ఒక్క గుర్తూ ఉండదు. ఆ గుర్తుల చుట్టూ గీసిన హద్దు పైన 19వ చుక్క నుంచి 24వ చుక్కకి, అంటే ఒక కనుబొమ శిఖరం నుంచి రెండోదాని శిఖరానికి, తిన్నగా వెళ్తుంది. అమ్మమ్మ కుంకుమ సరిగ్గా ఆ గీత మీదే ఉంది. పై సగం బయట మిగిలింది, కింది సగం లోపలికెళ్లి పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అతుకు కనబడకుండా ఉండాలని `cv2.seamlessClone` వాడాను. అది లోపలి గీతల తేడాలు నా ముఖం నుంచీ, హద్దు దగ్గరి రంగు అమ్మమ్మ ఫొటో నుంచీ తీసుకుంటుంది. హద్దు ఎర్రటి కుంకుమ మీదుగా పోతోంది కాబట్టి ఆ ఎరుపు లోపలికి పాకింది. దాని కింద నా స్టిక్కర్ బొట్టు కూడా తేలింది. అదీ అమ్మమ్మకి కనబడిన దెబ్బ.

తాతయ్య, తమ్ముడి ఫొటోలతో ఇంకా ఘోరం. తాతయ్య నామం ముక్కు మొదలు నుంచి జుట్టు దాకా ఉంటుంది. కనుబొమల పైన తాతయ్య నామం, కింద తమ్ముడి ఖాళీ చర్మం. రేపు అడ్డంగా విభూతి పెట్టుకున్న ఫొటోలోకి నిలువు నామం ముక్క వచ్చి చేరితే? అది అతుకు సమస్య కాదు, అర్థం మారిపోవడం. తిలకం ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు.

ఇక పుడక. ముక్కు మొత్తం హద్దు లోపలే ఉంటుంది కాబట్టి అమ్మమ్మ రెండు పుడకలూ మాయమై నా ఒక్కటే వచ్చింది. అదీ ఎడమవైపు! నాకు కుట్టించింది కుడివైపు. నా సెల్ఫీ అద్దంలో బొమ్మలా తిరగబడి సేవ్ అయింది. కెమెరాకి ఎదురుగా ఉన్న మనిషి కుడి ముక్కుపుట మామూలు ఫొటోలో 31వ చుక్క దగ్గరుంటుంది, తిరగబడితే 35 దగ్గరికెళ్తుంది. కనిపెట్టడం తేలికే: పైట చూడండి. ఓణీ అయినా చీర అయినా మనవైపు పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫొటోలో అది కుడి భుజం మీదుంటే ముందు ఫొటోని తిప్పండి, తర్వాతే మిగతా పని.

బుట్టల సంగతి కాస్త నయం. 68 చుక్కల్లో చెవులే లేవు కాబట్టి అవి అమ్మమ్మవే మిగిలాయి. కానీ ఆవిడ తల కొంచెం పక్కకి తిప్పి ఉండటంతో ఒక బుట్ట దవడ ముందుకి వేలాడింది. నా చెంప వచ్చి దాన్ని సగానికి కోసేసింది.

ఇన్ని దెబ్బలు తిన్నాక నేను చేసిన పద్ధతి ఇది. ముందు పైట చూసి రెండు ఫొటోలూ సరిచేశాను. తర్వాత అమ్మమ్మ బొట్టు, పుడకలు, బుట్టల చుట్టూ చేత్తో మాస్క్ గీసి, వాటిని విడి పొరగా దాచుకున్నాను. ఆపైన రెండు ముఖాల మీదా బొట్టూ పుడకలూ `cv2.inpaint`తో చెరిపేశాను. ఇక్కడ మాస్క్‌ని నగ కంటే మూడు నాలుగు పిక్సెళ్లు పెద్దదిగా గీయాలి, లేకపోతే పుడక పోయి దాని నీడ మచ్చలా మిగులుతుంది. అప్పుడు ముఖం మార్చాను, ముఖం మాస్క్‌లోంచి బుట్టల భాగం తీసేసి. చివరికి దాచిన పొరని తిరిగి పెట్టాను.

ఈ పద్ధతిలో నా ముఖమే అమ్మమ్మ చుక్కలకి సరిపోయేలా సాగుతుంది, కాబట్టి పొర పాత చోటే కూర్చుంటుంది. కనుబొమల ఎత్తును మార్చేసే న్యూరల్ మోడల్ వాడితే మాత్రం బొట్టు చోటు మళ్లీ లెక్కేయాలి:

```python
mid = (p[21] + p[22]) / 2
up = p[27] - p[30]
up = up / np.linalg.norm(up)
d = np.linalg.norm(p[42] - p[39])
bindi = mid + k * d * up
```

`d` అంటే రెండు కళ్ల లోపలి మూలల మధ్య దూరం. అమ్మమ్మ ఫొటోలో అది 50 పిక్సెళ్లు, బొట్టు మధ్యభాగం కనుబొమల నడిమి నుంచి 10 పిక్సెళ్ల పైన ఉంది. కాబట్టి `k` విలువ 0.2. బొట్టు వెడల్పు 20, అంటే `d`లో 0.4 వంతు. కొత్త ముఖంలో `d` 60 వస్తే బొట్టు 12 పిక్సెళ్ల పైన, 24 వెడల్పుతో కూర్చోవాలి. పైదిశని ముక్కు గీత నుంచి తీసుకున్నాం కాబట్టి తల వంచినా బొట్టు తలతో పాటే వంగుతుంది. తల బాగా పక్కకి తిరిగితే ఇది చాలదు: గుండ్రటి బొట్టు కోలగా కనబడాలి, అవతలి వైపు పుడక దాగిపోవాలి.

ఇంత పనీ చేత్తో ఎందుకు, ముఖాన్ని భాగాలుగా విడదీసే మోడళ్లున్నాయి కదా అంటారా? నేనూ అలాగే వెతికాను. అందరూ వాడే CelebAMask-HQలో 30,000 ముఖాలకి 19 రకాల గుర్తింపులున్నాయి. టోపీ ఉంది, కళ్లజోడు ఉంది, మెడలో గొలుసు ఉంది, చెవిపోగుకి `ear_r` ఉంది. బొట్టు లేదు, తిలకం లేదు, ముక్కుపుడక లేదు. ఆ లెక్కలో బొట్టు అంటే చర్మం, పుడక అంటే ముక్కు. చివర్లో స్టిక్కర్ అతికిద్దాం అనే మా వాడికి నా జవాబు ఇదే: తప్పు చివర్లో జరగట్లేదు, మొదట పేరు పెట్టేటప్పుడే జరిగింది. మన ప్రాజెక్టుల్లో ఆ మూడు పేర్లూ విడిగా చేర్చి, ఓ రెండొందల మన ఇళ్ల ఫొటోల మీద, వాళ్లనడిగే, గీసుకుంటే పోయేదేముంది?

రెండోసారి ఫొటో చూపించినప్పుడు అమ్మమ్మ ముందు ముక్కు రెండు వైపులా చూసింది. తర్వాతే ముఖం చూసి, "నువ్వా!" అంది.